ఇంట్లో నమాజ్ మూల: ఖిబ్లా గీత, తగినంత వెలుతురు, సర్దుకున్న గూడు

సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మన ఇళ్లు చాలావరకు చిన్నవే. ముందు వసారా, లోపల ఒకటో రెండో గదులు, వెనక వంట. మగవాళ్లు మస్జిద్‌కు వెళ్తారు. ఇంట్లో ఐదు పూటలా నమాజ్ చదివేది అమ్మీ, దాదీమా, ఆడపిల్లలు. వాళ్లకు మాత్రం ఫలానా చోటు అని ఉండదు. ఫజర్ వేళ నిద్రపోతున్నవాళ్ల కాళ్ల మధ్య, మగ్రిబ్ వేళ టీవీ ముందు, ఇషా వేళ బియ్యం బస్తా పక్కన జానమాజ్ పరుచుకుంటారు. ఆ పూటకు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే.

ఇంట్లో నమాజ్‌కు ఒక చోటు పెట్టుకోవడం కొత్త పద్ధతి కాదు. ప్రవక్త (స) సహాబీ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఆయనకు చూపు మందగించింది. వానలొస్తే ఇంటికీ తన వాళ్ల మస్జిద్‌కూ మధ్యనున్న వాగు పొంగి దాటలేకపోయేవారు. మీరు మా ఇంటికి వచ్చి ఒకచోట నమాజ్ చేస్తే ఆ చోటునే నమాజ్ స్థలంగా పెట్టుకుంటానని ప్రవక్త (స)ను కోరారు. ప్రవక్త (స) వచ్చి, కూర్చోకముందే, ఎక్కడ చేయమంటారని అడిగారు. ఆయన ఇంట్లో ఒక మూల చూపించారు. అక్కడే నమాజ్ జరిగింది. ఇళ్లల్లో నమాజ్ చోట్లు ఏర్పాటు చేసుకోవాలని, వాటిని శుభ్రంగా, సువాసనగా ఉంచాలని ఆదేశించినట్టు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది.

ఫిఖ్హ్‌లో దీన్ని ఇంటి మస్జిద్ అంటారు. అయితే ఊరి మస్జిద్‌కున్న నియమాలు దీనికి వర్తించవు. అక్కడ కూర్చోవచ్చు, పడుకోవచ్చు, రేపు ఇల్లు మారితే ఆ చోటూ మార్చుకోవచ్చు. నెలసరి రోజుల్లో ఉన్న ఆడవాళ్లు కూడా ఆ మూల ఊడ్చి సర్దుకోవచ్చు, అక్కడ కూర్చుని దుఆ చేసుకోవచ్చు. హనఫీ పద్ధతిలో రమజాన్ చివరి పది రోజులు ఆడవాళ్లు ఏతెకాఫ్ కూర్చునేది కూడా ఇంట్లో ఇలా నిర్ణయించుకున్న చోటులోనే. అందువల్ల ఈ మూలను ఒకసారి జాగ్రత్తగా ఏర్పాటు చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఇందులో పనులు మూడు. ఖిబ్లా సరిగ్గా గుర్తించడం, సజ్దా చోట నీడ పడకుండా దీపం పెట్టడం, ఖురాన్‌కూ నమాజ్ సామానుకూ గూడు చూసుకోవడం. ఎక్కువ పొరపాటు జరిగేది మొదటి దానిలో. కాబట్టి దాన్ని కాస్త వివరంగా చూద్దాం.

మన ఊళ్లకు ఖిబ్లా నేరుగా పడమర కాదు

"పడమర తిరిగి చదువు" అని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాం. ఇంటి పడమటి గోడకు ఎదురుగా జానమాజ్ తిన్నగా పరిచేస్తాం. లెక్క వేసి చూస్తే సీతారామపురం నుంచి కాబా దిశ నేరు పడమరకు సుమారు 16 డిగ్రీలు ఉత్తరం వైపు ఉంటుంది. ఉదయగిరికైనా ఆత్మకూరుకైనా దాదాపు ఇంతే, తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. దిక్సూచి మీద అంకెలు ఉంటే 286 దగ్గర చూడండి. కంటికి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, నేరు పడమరగా 100 సెంటీమీటర్లు వెళ్లేసరికి ఉత్తరానికి 29 సెంటీమీటర్లు జరగాలి.

ఇన్నేళ్లూ నేరు పడమరకు చదివిన నమాజ్‌ల సంగతేమిటని పెద్దవాళ్లు కంగారు పడతారు. కంగారు అక్కర్లేదు. మక్కాకు దూరంగా ఉన్నవాళ్లకు కాబా ఉన్న వైపు ముఖం ఉంటే చాలు, సూటిగా కాబాకే గురి కుదరాలని షరతు లేదు. హనఫీ ఉలమా చెప్పేదాని ప్రకారం అటూ ఇటూ 45 డిగ్రీల లోపు తేడా ఉన్నా నమాజ్ అయిపోతుంది. 16 డిగ్రీలు అందులో చాలా లోపలే ఉంది. పాత నమాజ్‌లు తిరిగి చదవనక్కర్లేదు. కొత్తగా మూల పెట్టుకుంటున్నాం కాబట్టి, తెలిసినప్పుడు సరిచేసుకోవడం మంచిదన్నంత వరకే.

ఫోన్ యాప్ ఎందుకు తప్పు చూపిస్తుంది

ఇప్పుడందరూ ఫోన్‌లో ఖిబ్లా యాప్ తెరిచి చూస్తున్నారు. యాప్ వేసే లెక్క సరైనదే. చిక్కు ఎక్కడంటే, ఫోన్ లోపల ఉన్న చిన్న దిక్సూచి అయస్కాంతం మీద ఆధారపడి పనిచేస్తుంది. పక్కన ఇనుము ఉంటే అది పక్కకు లాగేస్తుంది. మన ఇళ్లలో నమాజ్ పరుచుకునే చోటు పక్కనే ఇనుప బీరువా ఉంటుంది. ఫ్రిజ్, ఇనుప మంచం, కాంక్రీటు స్తంభంలోని కమ్మీలు, స్పీకర్ పెట్టె, చివరికి ఫోన్ కవర్‌లోని అయస్కాంతపు బిళ్ల కూడా దాన్ని చెడగొడతాయి.

తప్పు చూపిస్తోందో లేదో తెలుసుకోవడం సులువు. కవర్ తీసేసి ఫోన్‌ను నేల మీద పడుకోబెట్టి, ఒకే గదిలో మూడు చోట్ల చూడండి. ప్రతిసారీ ఫోన్ అంచును ఒకే గోడకు సమాంతరంగా ఉంచండి. మూడు చోట్లా అంకె దాదాపు ఒకటే వస్తే నమ్మవచ్చు. ఒకచోట 286, ఇంకోచోట 270, బీరువా దగ్గర 310 చూపిస్తే ఆ గదిలో ఫోన్‌ను నమ్మకూడదు. బయట ఖాళీ స్థలంలో, కరెంటు స్తంభాలకూ బండ్లకూ దూరంగా నిలబడి, ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె వేసినట్టు నాలుగైదుసార్లు తిప్పి మళ్లీ చూడాలి.

మీ ఊరి మస్జిద్ కూడా మంచి ఆధారమే. మస్జిద్ ఖిబ్లా గోడకు మీ ఇంటి గోడ ఎంత వాలుగా ఉందో ఇమామ్ సాబ్‌ను అడిగి పోల్చి చూసుకోవచ్చు. వీటన్నిటికంటే కచ్చితమైన పద్ధతి ఒకటుంది. దానికి ఫోనూ వద్దు, దిక్సూచీ వద్దు. ఎండ, దారం, గడియారం చాలు.

ఏడాదికి రెండుసార్లు సూర్యుడే చూపిస్తాడు

ఏటా మే 28న, జూలై 16న మక్కాలో జుహర్ వేళకు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. ఆ క్షణంలో ప్రపంచంలో ఎక్కడ ఎండ ఉన్నా, సూర్యుడున్న వైపే ఖిబ్లా. మన గడియారం ప్రకారం మే 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు, జూలై 16న మధ్యాహ్నం 2 గంటల 57 నిమిషాలు. లీపు సంవత్సరంలో ఒకరోజు ముందు వస్తుంది. ఆ రోజు కుదరకపోతే ముందురోజో మర్నాడో అదే సమయానికి చూసినా ఇంటి అవసరానికి తేడా రాదు. నిమిషాల విషయంలోనూ భయం లేదు. మన ప్రాంతంలో ఆ వేళ సూర్యుడు కిందికి దిగుతాడే తప్ప పక్కకు చాలా నెమ్మదిగా జరుగుతాడు. పది నిమిషాలు ఆలస్యమైనా ఒక డిగ్రీ తేడా కూడా పడదు.

జూలైలో మబ్బు అడ్డుపడవచ్చు. మే చివరి ఎండ మాత్రం మన వైపు సాధారణంగా మోసం చేయదు. కాబట్టి మే తేదీనే గుర్తు పెట్టుకోండి.

చేయాల్సింది ఇదీ. ఒక పొడవాటి దారానికి రాయి కట్టి, ఎండలో ఏ దూలానికో నిలబెట్టిన కర్రకో వేలాడదీయండి. గాలికి ఊగకుండా రాయిని నీళ్ల బకెట్‌లో మునిగేట్టు ఉంచితే కదలకుండా ఉంటుంది. సమయం కాగానే నేల మీద పడ్డ దారం నీడ వెంట సుద్దముక్కతో రెండు గుర్తులు పెట్టి గీత గీయండి. నీడ కొస నుంచి దారం మొదలు వైపు, అంటే సూర్యుడి వైపు చూస్తే అదే ఖిబ్లా. ఆ వేళ ఒక మీటరు కర్ర నీడ మన దగ్గర 78 సెంటీమీటర్ల దాకా పడుతుంది కాబట్టి గీత గీయడానికి సరిపడా పొడవుంటుంది. వట్టి కంటితో సూర్యుణ్ని చూడవద్దు, పిల్లల్నీ చూడనివ్వవద్దు. మనకు నీడ చాలు.

బయటి గీతను గదిలోకి తేవడం: ఒక ఇంటి లెక్క

గీత పెరట్లో పడింది, మూల గదిలో కావాలి. దీనికి డిగ్రీలు కొలిచే పని లేదు, ఒక టేపు చాలు. ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. తూర్పు వాకిలి, 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న ముందు గది, కడప బండల నేల. పడమటి గోడకు బీరువా ఆనించి ఉంది. తూర్పు వాకిలి పైన ఒక ట్యూబ్‌లైట్. ఇంటికి దక్షిణం వైపు సందులా కొంచెం ఖాళీ స్థలం.

దక్షిణపు గోడకు నాలుగైదు అడుగుల దూరంలో, గోడ నీడ పడని చోట దారం వేలాడదీసి 2:48కి నీడ గీత గీశారు. ఆ గీత మీద 100 సెంటీమీటర్ల ఎడంలో రెండు గుర్తులు పెట్టారు. తూర్పు గుర్తు గోడకు 150 సెంటీమీటర్ల దూరంలో ఉంది, పడమటి గుర్తు 128 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే మీటరు నడిచేసరికి గీత 22 సెంటీమీటర్లు ఉత్తరానికి జరిగింది. 22 అన్నదే ఈ ఇంటి లెక్క. 29 రాలేదేమిటని అనుమానం వద్దు. ఇల్లు సరిగ్గా తూర్పు పడమరలకు కట్టి ఉంటే 29కి దగ్గరగా వచ్చేది. ఈ ఇంటి గోడలే మూడు నాలుగు డిగ్రీలు వాలుగా ఉన్నాయి. ప్రతి ఇంటికీ ఈ అంకె వేరుగా వస్తుంది, అందుకే పక్కింటి లెక్క మనకు పనికిరాదు.

ఇప్పుడు గదిలోకి వద్దాం. ముందుగా ఉత్తర, దక్షిణ గోడల మధ్య దూరం రెండు చివర్లా కొలవాలి. రెండూ సమానంగా ఉంటే గోడలు సమాంతరంగా ఉన్నట్టే, బయటి అంకె లోపలా పనికొస్తుంది. ఉత్తరపు గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో నేల మీద ఒక గుర్తు పెట్టారు. దానికి పడమరగా సరిగ్గా మీటరు దూరంలో, గోడకు 38 సెంటీమీటర్లు ఉండేట్టు రెండో గుర్తు. 60 లోంచి 22 తీస్తే 38. రెండు గుర్తులనూ కలిపితే ఖిబ్లా గీత వచ్చేసింది. జానమాజ్ కుడి అంచును ఈ గీతకు ఆనించి పరిస్తే సరి.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, ఎటు తిప్పాలో మరిచిపోయి ఎదురు దిక్కుకు తిప్పేయడం. అప్పుడు తేడా రెట్టింపవుతుంది. కంటితో పట్టుకునే గుర్తు ఇదీ: తూర్పు పడమరలకు కట్టిన ఇంట్లో జానమాజ్ సరిగ్గా పరిస్తే, దాని తల వైపు ఎడమ మూల పడమటి గోడకు దగ్గరగా, కుడి మూల కొంచెం దూరంగా ఉండాలి. కుడి మూల దగ్గరగా ఉంటే తప్పు వైపు తిరిగినట్టే.

పడమటి గోడకున్న బీరువాను దక్షిణపు గోడకు మార్చారు. జానమాజ్ ఎడమ మూలకూ గోడకూ మధ్య జానెడు చోటు వదిలారు, లేకపోతే సజ్దాలో తల గోడకు కొట్టుకుంటుంది. మామూలు జానమాజ్ 115 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కొంచెం వాలుగా పరుస్తాం కాబట్టి ఒక మనిషికి నాలుగున్నర అడుగుల పొడవు, మూడుంపావు అడుగుల వెడల్పు నేల కావాలి. తల్లీ కూతురూ పక్కపక్కన చదవాలంటే వెడల్పు ఇంకో రెండున్నర అడుగులు కలుపుకోండి. ముందు గోడ ఉంది కాబట్టి నమాజ్ చదివేవాళ్ల ముందు నుంచి ఎవరూ నడిచే అవకాశం లేదు. మూలను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే: ఎదురుగా గోడ ఉండాలి, వంటింటికీ బాత్‌రూమ్‌కూ వెళ్లే దారి అడ్డంగా ఉండకూడదు.

చివరగా, సుద్ద గీత రెండు రోజుల్లో చెరిగిపోతుంది. రెండు గుర్తుల దగ్గర చుక్కంత పెయింటు పెట్టండి. బండల సందుల గీతలు నేరుగా కనిపిస్తుంటే, వాలుగా ఉన్న జానమాజ్‌ను ఎవరో ఒకరు సర్దబోయి తిన్నగా చేసేస్తారు. ఆ రెండు చుక్కలు ఉంటే పిల్లలు కూడా సరిగ్గా పరుస్తారు.

సజ్దా చోట నీడ ఎందుకు పడుతుంది

ఈ ఇంట్లో ట్యూబ్‌లైట్ తూర్పు వాకిలి పైన ఉంది. పడమర తిరిగి నిలబడితే దీపం వెనకైపోతుంది. మన నీడ మన ముందే, సరిగ్గా సజ్దా చేసే చోట పడుతుంది. కూర్చుని ఖురాన్ తెరిస్తే ఆ పేజీ మీదా మన తల నీడే. మన ఊళ్లలో వాకిళ్లు తూర్పుకు పెట్టుకునేవాళ్లు ఎక్కువ, దీపం వాకిలి పైనే బిగించడం అలవాటు. కాబట్టి ఈ ఇబ్బంది చాలా ఇళ్లలో ఉంటుంది. గది మధ్యలో దీపం ఉన్నా, గోడ దగ్గర నిలబడ్డవాళ్లకు అది వెనకే అవుతుంది.

దీపాన్ని ఎదురు గోడకు మారుస్తే నీడ పోతుంది గానీ వెలుగు సూటిగా కళ్లలో పడుతుంది, కంటి శుక్లాలున్న పెద్దవాళ్లకు ఇంకా కష్టం. సరైన చోటు పక్క గోడ. మన ఉదాహరణలో ఉత్తరపు గోడ మీద, ఆరున్నర అడుగుల ఎత్తులో, జానమాజ్ సగానికి కొంచెం ముందుగా ఒక హోల్డర్ పెట్టారు. నిలబడినా కూర్చున్నా వెలుగు పక్క నుంచి వస్తుంది, నీడ పక్కకే పడుతుంది. 9 వాట్ల ఎల్ఇడి బల్బు ఆ మూలకు చాలు. బల్బు కింద కళ్లకు నేరుగా తగలకుండా చిన్న డోమ్ ఉంటే మంచిది. పసుపు వెలుగు బల్బు తీసుకుంటే ఫజర్ వేళ నిద్రపోతున్న పిల్లలకు అంత ఇబ్బంది ఉండదు. అక్షరాలు చదవడానికి తెలుపైనా పసుపైనా ఒకటే, కావాల్సింది తగినంత వెలుతురు.

చాలిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. రాత్రిపూట రెహల్ మీద ఖురాన్ తెరిచి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను కూర్చోబెట్టి చదవమనండి. అరబ్బీ అక్షరాల పైనా కిందా ఉన్న జేర్, జబర్, పేష్‌లు, నుక్తాలు తడుముకోకుండా కనిపించాలి. పేజీని దగ్గరకు లాక్కుంటున్నా, తల పక్కకు వంచుతున్నా వెలుగు చాలనట్టు. అప్పుడు వాట్లు పెంచే ముందు బల్బును అడుగు కిందికి దించి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. తర్వాత పేజీకి ఒక జానెడు పైన చెయ్యి పెట్టండి. చేతి నీడ నల్లగా, అంచు స్పష్టంగా పేజీ మధ్యలో పడితే దీపం చోటు సరిగా లేదు.

స్విచ్ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. మూలలోకి చీకట్లో నడిచి వెళ్లి తడుముకోవాల్సి వస్తే పడుకున్నవాళ్ల కాళ్లు తొక్కుతారు. గది లోపలికి అడుగు పెట్టే వైపే స్విచ్ ఉండాలి. వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, వేలాడే వైరూ జాయింట్ల మీద టేపూ వద్దు.

కరెంటు పోయినా వెలిగే ఇన్వర్టర్ బల్బులు దొరుకుతున్నాయి, ఈ మూలకు బాగా పనికొస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కరెంటు పోయినప్పుడు స్విచ్ వేసి ఉంటేనే అది వెలుగుతుంది. దాని బ్యాటరీ నిండాలన్నా రోజూ కొన్ని గంటలు వెలగాలి. ఏడాదో రెండేళ్లో వాడాక బ్యాటరీ నీరసిస్తుంది. నెలకోసారి మెయిన్ ఆపి ఇషా నమాజ్ పూర్తయ్యేంత సేపు వెలుగుతుందో లేదో చూడండి. కొవ్వొత్తి, కిరసనాయిలు దీపం మాత్రం జానమాజ్ దగ్గర పెట్టవద్దు. రుకూలోకి వంగినప్పుడు దుపట్టా కొస ఎటు పోతుందో మనకు కనిపించదు. ఊదుబత్తి కూడా నమాజ్‌కు ముందు వెలిగించి, ఆరిపోయాక పుల్ల తీసేయాలి. జానమాజ్‌ల మీది చిన్న చిన్న కాలిన రంధ్రాలు చాలావరకు ఊదుబత్తి నిప్పురవ్వలవే.

ఎదురు గోడ, కింద నేల

ఎదురు గోడ ఖాళీగా ఉంచండి. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఒక పక్క బొమ్మలున్న తెర కట్టి ఉండేది. నమాజ్‌లో ఆ బొమ్మలు తన ఎదుట మెదులుతున్నాయని, దాన్ని తీసేయమని ప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీలో ఉంది. ఈ లెక్కన టీవీ, ఫోటోలు, బొమ్మల క్యాలెండర్, నిలువుటద్దం ఎదురు గోడకు ఉండకూడదు. చాలా ఇళ్లలో మక్కా మదీనా ఫ్రేములు పెట్టుకుంటారు, వాటిని పక్క గోడకు పెట్టుకుంటే సరిపోతుంది. గోడకు లేత రంగు సున్నం వేస్తే అదే 9 వాట్ల బల్బు వెలుగు ఇంకా ఎక్కువగా పరుచుకుంటుంది. ముదురు రంగు వేస్తే వెలుగును మింగేస్తుంది.

కడప బండ ఎండాకాలం హాయి, చలికాలం ఫజర్‌కు మోకాళ్లకు పరీక్ష. జానమాజ్ కింద జంఖానాను రెండు మడతలు వేసి పరిస్తే మోకాళ్లకూ నుదుటికీ సరిపోతుంది. మందపాటి స్పాంజి పరుపు వద్దు, సజ్దాలో నుదురు గట్టిగా ఆనే నేల కావాలి. ప్లాస్టిక్ చాప మీద జానమాజ్ జారుతుంది, ముసలివాళ్లు లేచేటప్పుడు ప్రమాదం. కుర్చీలో కూర్చుని చదివే దాదీమాకు నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనే కుర్చీ కావాలి. బండలు ఎగుడుదిగుడుగా ఉంటే ముందే కూర్చుని ఊపి చూడండి.

వుజూ చేసి తడి కాళ్లతో వచ్చి నిలబడితే జంఖానా తడిసి వాసన వస్తుంది. గది గడప దగ్గర ఒక నూలు గుడ్డ పరిచి, దాన్ని రోజూ మార్చండి. జానమాజ్‌ను వారానికోసారి ఎండలో వేస్తే వాసన ఉండదు.

ఖురాన్‌కు గూడు, మిగతాదానికి మేకు

పాత ఇళ్లలో గోడలోనే గూడు ఉంటుంది. ఇళ్లలో దాన్నే తాఖ్ అంటారు. అది ఉంటే ఖురాన్ పెట్టుకోవచ్చు, కానీ ముందు గూడు వెనక గోడను చేత్తో తడిమి చూడండి. చల్లగా, చెమ్మగా తగిలితే, సున్నం పొక్కులు లేచి ఉంటే ఆ గూడు పనికిరాదు. మట్టి గోడలున్న ఇళ్లలో చెదలు గోడ వెంటే పైకి వస్తాయి. కాగితమూ గుడ్డా వాటికి ఇష్టం. జుజ్దాన్‌లో చుట్టి గౌరవంగా పైన పెట్టి, రమజాన్ దాకా తీయకపోతే లోపల పేజీలు తినేసినా మనకు తెలియదు. గోడ మీద సన్నటి మట్టి తీగ కనిపిస్తే అది చెదల దారి. వెంటనే ఖురాన్‌ను అక్కణ్నుంచి తీసేయాలి.

మన ఉదాహరణ ఇంట్లో గూడు లేదు. ఉత్తరపు గోడకు, దీపం కింద, ఛాతీ ఎత్తులో రెండు బ్రాకెట్ల మీద అడుగు వెడల్పు చెక్క పెట్టారు. చెక్క వెనక అంచుకూ గోడకూ మధ్య వేలెడు సందు వదిలారు. గాలి ఆడుతుంది, గోడ చెమ్మ చెక్కకు రాదు, చెదలు వస్తే కనిపిస్తాయి. అదే గదిలో రాత్రి పడుకుంటారు కాబట్టి కాళ్లు ఖురాన్ వైపు రాకుండా ఆ ఎత్తు సరిపోతుంది. పిల్లలకు అందేంత కింద కాదు, పెద్దవాళ్లు స్టూలు ఎక్కాల్సినంత పైన కాదు. రోజూ తీసి చదివే ఖురాన్‌కు చెదలు పట్టవు, అదే అసలైన మందు.

రెహల్ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఉదయగిరి కొయ్య గరిటెలూ చెంచాలూ దేశమంతా పేరున్నవి, భౌగోళిక గుర్తింపు కూడా పొందాయి. ఆ పని చేసే చేతుల్లో మన ముస్లిం కుటుంబాలవాళ్లే ఎక్కువ. రెహల్ చేసిపెట్టగలరా అని అక్కడ అడిగి చూడండి. తీసుకునేటప్పుడు నేల మీద తెరిచి పెట్టి, ఒక చెయ్యి ఆనించి చూడండి, ఊగకూడదు. ముసలివాళ్లకు ఎత్తు రెహల్ అయితే మెడ వంచే పని తప్పుతుంది.

చెక్క మీద ఖురాన్, తర్జుమా, రెహల్ మాత్రమే ఉంచండి. జానమాజ్, నమాజ్ దుపట్టా, టోపీ, తస్బీహ్‌కు చెక్క కింద నాలుగు కొక్కేలు చాలు. ఈ మూలలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఖాళీ చెక్క కనిపిస్తే కరెంటు బిల్లు, మందుల చీటీ, ఫోన్ చార్జర్, తాళాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఖాళీ నేల కనిపిస్తే శనగల బస్తా వస్తుంది. అందుకే చెక్కను అడుగు కంటే వెడల్పు చేయవద్దు. చార్జర్ పెట్టే ప్లగ్గు ఆ గోడకు వద్దే వద్దు. బిల్లులకూ తాళాలకూ వాకిలి దగ్గర వేరే మేకు కొట్టండి. వాటికంటూ ఒక చోటు ఉంటే ఇక్కడికి రావు.

చిరిగిన ఖురాన్ పేజీలు, పాత సిపారాలు చెక్క మీద పోగుపడుతుంటే ఒక గుడ్డ సంచిలో వేసి ఇమామ్ సాబ్‌కు అప్పగించండి. తొక్కని చోట పాతిపెట్టే పద్ధతి వాళ్లకు తెలుసు.

సరిగ్గా కుదిరిందా?

మూల పెట్టిన వారం తర్వాత ఒక ఫజర్‌కు చూసుకోండి. చీకట్లో లేచిన మనిషి ఎవరినీ లేపకుండా స్విచ్ వేసి, దుపట్టా అందుకుని, రెండు చుక్కల మీద జానమాజ్ పరిచి, ఏ వస్తువునూ పక్కకు జరపకుండా నిలబడగలిగితే అది కుదిరినట్టే. ఏదైనా జరపాల్సి వస్తే, ఆ వస్తువుకు ఆ రోజే వేరే చోటు చూడండి.